‘మార్చలేరు’ అనే మాటకు అర్థమేమిటి? - సెట్టింగుల తెరపై అనుమతుల వ్యక్తీకరణ: మూడిల్ కోర్సు పుట ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒకే సెట్టింగుల పుటను విద్యార్థి, అధ్యాపకుడు, శాఖ సమన్వయకర్త, నిర్వాహకుడు తెరుస్తారు. వీరిలో ఎవరు దేనిని మార్చగలరో వ్యవస్థకు తెలుసు. ఆ విషయం తెర ముందున్న మనిషికి ఏ మేరకు తెలుస్తున్నదన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. కళాశాలలు, విశ్వవిద్యాలయాలు విస్తృతంగా వాడుతున్న మూడిల్ బోధన వేదికలోని కోర్సు సెట్టింగుల పుటను ఉదాహరణగా తీసుకొని, అందులో అనుమతి ఎలా నిర్ణయమవుతుందో, ఆ నిర్ణయం తెరపైకి చేరేలోగా ఏ సమాచారం జారిపోతుందో, దానిని తిరిగి ఎలా చేర్చవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు వాక్యనిర్మాణం వల్ల ఈ రూపకల్పనలో ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: సెట్టింగుల తెర, అనుమతి, పాత్ర, మూడిల్, అందుబాటు, తెలుగు తెరభాష.

1. ఉపోద్ఘాతం

ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధించే అధ్యాపకురాలిని ఊహించుకుందాం. అంతర్గత పరీక్ష ముందురోజు రాత్రి ఆమె తన మూడిల్ కోర్సులో పాఠ్యాంశం ఫైలుకు బదులు జవాబుల సూచికను పొరపాటున ఎక్కించింది. విషయం తెలియగానే కోర్సు మొత్తాన్ని విద్యార్థులకు కనబడకుండా చేయాలని సెట్టింగుల పుట తెరిచింది. కిందటి సెమిస్టరులో ఆ పుటలో Course visibility అనే వరుస ఉండేది. దాని పక్కన Show, Hide అనే రెండు ఎంపికలతో ఒక పెట్టె ఉండేది. ఇప్పుడు వరుస ఉంది కాని పెట్టె లేదు. దాని స్థానంలో Show అనే మాట ఒక్కటే సాదా అక్షరాలలో కనబడుతున్నది. నొక్కితే ఏమీ జరగదు. పుట సరిగా తెరుచుకోలేదనుకొని ఆమె మళ్ళీ తెరిచింది. బ్రౌజరు మార్చింది, ఫోనులో ప్రయత్నించింది. ఈలోగా జవాబుల సూచిక విద్యార్థులకు అందుబాటులోనే ఉంది.

ఇందులో సాంకేతిక లోపమేమీ లేదు. ఆమెకు ఆ అధికారం లేదని వ్యవస్థ సరిగానే నిర్ణయించింది, ఆ నిర్ణయాన్ని సరిగానే అమలు చేసింది. లోపించినదల్లా ఆ సంగతి ఆమెకు చెప్పడం. ఆ ఒక్క ఫైలును దాచే అధికారం ఆమెకు అప్పటికీ ఉంది. తెర దానినీ చెప్పలేదు.

2. మూడిల్‌లో అనుమతి ఎలా లెక్కకు వస్తుంది?

మూడిల్ తొలి రూపం 2002లో వెలువడింది. పాత్రలు, సామర్థ్యాలు అనే ప్రస్తుత పద్ధతి 2006లో 1.7 రూపంతో వచ్చింది. ఈ పద్ధతిలో ప్రతి పనికీ ఒక సామర్థ్యం పేరు ఉంటుంది. కోర్సును చూపడం, దాచడం అనే పనికి `moodle/course:visibility` అని, కోర్సు పూర్తి పేరు మార్చడానికి `moodle/course:changefullname` అని, కోర్సులోని ఒక్కొక్క అంశాన్ని దాచడానికి `moodle/course:activityvisibility` అని పేర్లు. వ్యక్తికి ఈ సామర్థ్యాలు సాధారణంగా నేరుగా రావు. అధ్యాపకుడు, విద్యార్థి, నిర్వాహకుడు వంటి పాత్రల ద్వారా వస్తాయి. పాత్రలు కూడా అంచెలంచెలుగా వర్తిస్తాయి. సైటు మొత్తం ఒక అంచె, దానిలోపల విభాగం, విభాగంలో కోర్సు, కోర్సులో ఒక్కొక్క అంశం.

ఒక పాత్రకు ఒక సామర్థ్యం విషయంలో నాలుగు విలువలలో ఏదైనా ఉండవచ్చు. మొదటిది పై అంచె నుండి వచ్చినదే చెల్లుతుందనేది. తక్కినవి Allow, Prevent, Prohibit. Allow అనుమతిస్తుంది. Prevent ఆ అంచెలో ఆ పాత్రకు అనుమతిని ఆపుతుంది. అయితే కింది అంచెలో మళ్ళీ Allow పెట్టి దానిని తొలగించవచ్చు. Prohibit మాత్రం పూర్తి నిషేధం. దానిని కింది అంచెలో గాని, మరొక పాత్ర ద్వారా గాని దాటడం సాధ్యం కాదు.

ఒక వ్యక్తికి రెండు పాత్రలు ఉన్నప్పుడు లెక్క ఇలా సాగుతుంది. ముందు ఒక్కొక్క పాత్రకు విడివిడిగా, కోర్సుకు అతి దగ్గరి అంచెలో ఉన్న విలువను తీసుకుంటారు. ఏ పాత్రలోనైనా, ఏ అంచెలోనైనా Prohibit ఉంటే విచారణ అక్కడితో ముగిసి, అనుమతి లేనట్లే. అది లేనప్పుడు ఏ ఒక్క పాత్రకు Allow వచ్చినా అనుమతి ఉన్నట్లే. మరొక పాత్రకు Prevent ఉన్నా అది అడ్డు కాదు.

పైన చెప్పిన అధ్యాపకురాలి సంగతి ఈ సూత్రంతో విడిపోతుంది. సెమిస్టరు నడుమ కోర్సులు మాయం కాకూడదని విశ్వవిద్యాలయ నిర్వాహకుడు బి.ఏ. విభాగం అంచెలో, అధ్యాపక పాత్రకు కోర్సు దాచే సామర్థ్యం మీద Prevent పెట్టాడనుకుందాం. కిందటి సెమిస్టరులో ఆమెకు అధ్యాపక పాత్రతో పాటు శాఖ సమన్వయకర్త పాత్ర కూడా ఉండేది. ఆ పాత్రకు Allow ఉంది. రెండింటిలో Allow నెగ్గింది. అప్పుడు ఆమెకు పెట్టె కనబడింది. సమన్వయ బాధ్యత మరొకరికి మారాక నిర్వాహకుడు ఆమెకున్న రెండవ పాత్రను తొలగించాడు. మిగిలిన ఒక్క పాత్రలో Prevent ఉండనే ఉంది. పెట్టె పోయింది. నియమం మారలేదు, పుట మారలేదు. మారినది ఆమెకున్న పాత్రల సంఖ్య. దీనిని ఎవరూ చెప్పకుండా ఆమె ఊహించగలదని ఆశించడం అన్యాయం.

3. నియమాన్ని చూపడం వేరు, ఫలితాన్ని చూపడం వేరు

అనుమతుల తెరలలో తరచుగా కనబడే దోషం, నియమాలను చూపి ఫలితాన్ని చూసేవారి లెక్కకు వదిలేయడం. విండోస్ ఎక్స్‌పీలో ఒక ఫైలు అనుమతుల పుట దీనికి పేరుపొందిన ఉదాహరణ. అందులో బృందాల జాబితా, ప్రతి బృందానికీ అనుమతించు, నిరాకరించు అనే గడులు ఉండేవి. ఒక వ్యక్తి రెండు మూడు బృందాలలో సభ్యుడైతే చివరికి అతనికి ఏమి దక్కుతుందన్నది ఆ పుటలో ఉండేది కాదు. Advanced అనే మీట వెనుక Effective Permissions అనే వేరే పుటలో ఉండేది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ మాక్సియన్, రాబర్ట్ రీడర్ 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఈ పుటకు ప్రత్యామ్నాయంగా సాల్మన్ అనే తెరను రూపొందించి పరీక్షించారు. అందులో గడులు, వాటి తుది ఫలితం ఒకే చోట కలిసి కనబడతాయి. గడి మారగానే ఫలితమూ మారుతుంది. ఫలితాన్ని చూస్తూ పనిచేసినవారు పాత తెర వాడినవారికంటే తక్కువ తప్పులు చేశారు.

ఇంతకు చాలా ముందే, 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ కంప్యూటరు రక్షణకు సూచించిన రూపకల్పన సూత్రాలలో ‘మానసిక ఆమోదయోగ్యత’ అనేది ఒకటి. రక్షణ గురించి మనిషి మనసులో ఉన్న చిత్రమూ, యంత్రం అమలు చేసే నియమమూ ఎంత దగ్గరగా ఉంటే పొరపాట్లు అంత తగ్గుతాయని దాని సారాంశం. సాధారణంగా ఈ సూత్రాన్ని ‘వాడుక తేలికగా ఉండాలి’ అని కుదించి చెబుతుంటారు. అది సరిపోదు. ఆ అధ్యాపకురాలికి పుట వాడడం కష్టం కాలేదు. ఆమె మనసులోని చిత్రం తప్పింది.

మూడిల్ కూడా ఫలితాన్ని పూర్తిగా దాచదు. కోర్సులో సభ్యుల పుట నుండి Check permissions అనే చోటికి వెళ్ళి ఒక వ్యక్తి పేరు ఎంచుకుంటే, ప్రతి సామర్థ్యానికీ ఉంది, లేదు అన్న ఫలితం కనబడుతుంది. అయితే అది వేరే పుట. అందులోని జాబితా చాలా పొడవైనది. ఫలితం ఉంటుంది గాని కారణం ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, తనకు ఎదురైనది అనుమతి సమస్య అని ముందే తెలిసినవారే అక్కడికి వెళతారు. పుట పాడైందనుకున్న మనిషి వెళ్ళదు.

4. దాచాలా, తాళం వేసి చూపాలా?

మార్చే అధికారం లేని సెట్టింగును ఏమి చేయాలన్నదానికి మూడిల్ కోర్సు పుటలోనే రెండు సమాధానాలు కనబడతాయి. కోర్సు పేరు మార్చే సామర్థ్యం లేనివారికి పేరు సాదా అక్షరాలలో కనబడుతుంది. కోర్సును వేరే విభాగానికి మార్చే సామర్థ్యం లేనివారికి విభాగం వరుసే ఉండదు. ఒకటి గడ్డకట్టింది, మరొకటి అదృశ్యమైంది. ఒకే పుటలో రెండు పద్ధతులు ఉండడం తప్పు కాదు. ఏది ఎప్పుడన్న సూత్రం చూసేవారికి తెలియకపోవడం వల్లనే గందరగోళం.

ఈ విషయంలో ఆధారపడదగిన ప్రశ్న ఒకటుంది. ఆ సెట్టింగు ప్రస్తుత విలువ ఈ వ్యక్తి పనిని ప్రభావితం చేస్తుందా? చేస్తే, మార్చే అధికారం లేకపోయినా విలువను చూపాలి. కోర్సు విద్యార్థులకు కనబడుతున్నదా లేదా అన్నది అధ్యాపకురాలికి తెలియవలసిన సంగతి. అప్పగింత గడువు ఎప్పుడన్నది విద్యార్థికి తెలియవలసిన సంగతి. సర్వరు నకళ్ళు ఏ గంటకు తీయాలన్న సెట్టింగు విద్యార్థికి అక్కరలేదు. దానిని తాళంతో చూపడం వల్ల పుట పొడవు పెరగడం తప్ప ప్రయోజనం లేదు. విద్యార్థి తెరపై నలభై తాళాలు వేలాడదీస్తే అతడు వాటిని చదవడం మానేస్తాడు. వాటి నడుమ తనకు నిజంగా అవసరమైన ఒక్క తాళాన్ని కూడా చూడడు.

దీనికి ఒక మినహాయింపు. కొన్ని సెట్టింగుల ఉనికి కూడా రహస్యమే. ఒక విద్యార్థి మీద రచనాచౌర్యం విచారణ నడుస్తున్నదని సూచించే వరుస తాళంతో కనబడినా, లోపలి విలువ కనబడకపోయినా, చెప్పకూడనిది చెప్పినట్లే. అక్కడ దాచడమే సరి. అయితే ఇటువంటివి తక్కువ. భద్రత పేరుతో అన్నిటినీ దాచే అలవాటుకు ఈ మినహాయింపును సాకుగా తీసుకోవడమే ఎక్కువగా జరుగుతుంది.

మరొక సందర్భం ఇంకా సున్నితమైనది. నిన్నటిదాకా ఉన్న అధికారం నేడు పోయినవారికి ఆ వరుసను ఏ పరిస్థితిలోనూ నిశ్శబ్దంగా తొలగించకూడదు. ఎన్నడూ చూడనిది లేకపోతే మనిషికి తెలియదు. చూసినది పోతే వెతుకుతుంది.

5. తాళం పక్కన ఉండవలసిన మాట

తాళం గుర్తు ఒక్కటే ‘లేదు’ అని చెబుతుంది. ఎందుకు, ఎవరు, మరి ఇప్పుడేమిటి అన్నవి మిగిలిపోతాయి. వికీపీడియా నడిచే మీడియావికీ వ్యవస్థ ఈ విషయంలో కొంత మెరుగు. అనుమతి లేని పని చేయబోతే ఆ పని ఫలానా సమూహాల సభ్యులకే పరిమితమని సమూహాల పేర్లతో చెబుతుంది. అయితే పని మొదలుపెట్టాక చెబుతుంది. సెట్టింగుల తెరపై ఆ మాట ముందే ఉండవలసినది.

అధ్యాపకురాలి పుటలో ఆ వరుసను తిరిగి రాస్తే ఇలా ఉండవచ్చు:

> విద్యార్థులకు కోర్సు: కనబడుతోంది
> తాళం: బి.ఏ. విభాగంలో అధ్యాపకులు కోర్సును దాచకుండా విశ్వవిద్యాలయ నిర్వాహకుడు నియమం పెట్టారు. శాఖ సమన్వయకర్త దాచగలరు.
> కోర్సులోని ఒక్కొక్క ఫైలును, అప్పగింతను మీరు దాచవచ్చు. [కోర్సు అంశాలకు వెళ్ళండి]

ఇందులో మొదటి పంక్తి ప్రస్తుత స్థితి. అధికారం ఉన్నా లేకున్నా అది ఒకే చోట, ఒకే అక్షరాల పరిమాణంలో ఉండాలి. రెండవ పంక్తిలో కారణం, అది ఏ అంచెలో పుట్టిందో, ఏ పాత్రకు వర్తిస్తుందో, దానిని దాటగలవారు ఎవరో ఉన్నాయి. మూడవ పంక్తే చాలా తెరలలో కొరవడేది. ఆమె పుట తెరిచినది కోర్సును దాచడానికే అయినా, ఆమె అవసరం జవాబుల సూచికను దాచడం. ఆ అవసరాన్ని తీర్చే అధికారం ఆమె చేతిలోనే ఉంది. చేయలేనిదాని పక్కనే, అదే అవసరానికి దగ్గరగా ఉన్న చేయగలిగినదానిని చూపడం రూపకర్త బాధ్యత. ఇది యంత్రం తనంతట తాను తయారు చేయగల వాక్యం కాదు. ప్రతి సెట్టింగుకూ ఒక మనిషి కూర్చొని, ‘దీనికోసం వచ్చినవారికి అసలు కావలసినదేమిటి’ అని ఆలోచించి రాయవలసినది.

కారణం తెరపైకి రావాలంటే లోపల లెక్కించే భాగం దానిని పారవేయకూడదు. మూడిల్‌లో `has_capability()` అనే ప్రమేయం తుదకు అవును, కాదు అనే రెంటిలో ఒకటి మాత్రమే తిరిగి ఇస్తుంది. ఏ పాత్ర, ఏ అంచె, Prevent కారణమా, Prohibit కారణమా అన్నది లెక్క మధ్యలో తెలిసి, చివర జారిపోతుంది. తెరను ఎంత అందంగా గీసినా అక్కడ పోయినదానిని తిరిగి తేలేదు. అందుచేత తెరకు అందే సమాధానం కనీసం ఈ రూపంలో ఉండాలి:

```
{
  "setting": "visible",
  "value": 1,
  "allowed": false,
  "rule": "prevent",
  "role": "editingteacher",
  "level": "category",
  "who_can": ["coordinator", "manager"],
  "instead": "activityvisibility"
}
```

`rule` విలువ `prevent` అయితే సమన్వయకర్తను అడగమని చెప్పడంలో అర్థం ఉంది. అది `prohibit` అయితే ఆమెకు మరో పాత్ర ఇచ్చినా ఫలితం ఉండదు. నిషేధాన్ని పెట్టినవారే తీయాలి. రెండింటికీ ఒకే ‘అనుమతి లేదు’ చూపితే ఆమె సమన్వయకర్త చుట్టూ వృథాగా తిరుగుతుంది.

6. తెలుగు వాక్యం తెచ్చే చిక్కులు

ఆంగ్లంలో రాసిన తెరమాటలను తెలుగులోకి మార్చేటప్పుడు ఈ భాగం ఎక్కువగా దెబ్బతింటుంది. తెలుగులో అశక్తతను, నిషేధాన్ని, అనుమతి లేమిని వేరుగా చెప్పే రూపాలు ఉన్నాయి. ‘మార్చలేరు’ అంటే చేతకాదనే అర్థం ముందుకు వస్తుంది. ‘మార్చరాదు’, ‘మార్చకూడదు’ అంటే చేయగలిగినా చేయవద్దనే అర్థం వస్తుంది. ‘మార్చడానికి అనుమతి లేదు’ అంటే అడిగితే దొరకవచ్చనే ధ్వని ఉంది. ‘మార్చడం వీలుకాదు’ అంటే ఎవరికీ కుదరదనిపిస్తుంది. తాళం వేసిన పెట్టె పక్కన ‘మార్చరాదు’ అని రాస్తే అది మందలింపులా ధ్వనిస్తుంది. మారుస్తుందేమోనన్న అనుమానం అందులో ఉంది. Prevent వల్ల ఆగినదానికి ‘మీ పాత్రకు అనుమతి లేదు’ అన్నది, Prohibit వల్ల ఆగినదానికి ‘ఈ సైటులో నిషిద్ధం’ అన్నది దగ్గరి మాటలు. భాషలో ఉన్న ఈ తేడాను వాడుకోకపోవడం చేతిలో ఉన్న పనిముట్టును పక్కన పెట్టడమే.

‘మీరు’ అన్న మాటలో మరో చిక్కు. అది గౌరవంతో ఒక్కరినీ చెబుతుంది, పలువురినీ చెబుతుంది. ‘మీరు కోర్సును దాచలేరు’ అన్నప్పుడు ఆంక్ష తన ఒక్కదాని మీదనా, అధ్యాపకులందరి మీదనా అన్నది ఆమెకు తెలియదు. తన మీదనే అనుకుంటే అది అవమానంగా తోస్తుంది. ‘బి.ఏ. విభాగంలో అధ్యాపకులు’ అని పాత్రను పేర్కొనడం అందుకే. ఆంక్ష నిజంగా ఒక్క వ్యక్తి మీదనే అయితే ‘మీ ఖాతాకు’ అనాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది క్రియ స్థానం. తెలుగు వాక్యంలో ఉన్నదో లేదో తేల్చే పదం చివరన వస్తుంది. ఇరుకైన ఫోను తెర మీద పొడవైన పంక్తిని కత్తిరించి మూడు చుక్కలు పెట్టడం పరిపాటి. ‘ఈ కోర్సును విద్యార్థులకు కనబడకుండా దాచే అనుమతి మీకు…’ అని పంక్తి ఆగితే, పోయిన పదం ‘ఉంది’ కావచ్చు, ‘లేదు’ కావచ్చు. ఆంగ్లంలో నిషేధార్థక పదం వాక్యం తొలి సగంలోనే వస్తుంది కనుక ఈ కత్తిరింపు వారికి అంత నష్టం కలిగించదు. తెలుగులో సమాచారమంతా దానితోనే పోతుంది. పరిష్కారం కష్టమైనదేమీ కాదు. ‘తాళం:’, ‘కనబడుతోంది’ వంటి స్థితిసూచక పదాన్ని వాక్యం నుండి విడదీసి ముందు పెట్టాలి. వివరణ వాక్యాన్ని కత్తిరించకుండా తరువాతి పంక్తికి పోనివ్వాలి. పంక్తి ఎత్తును ఆంగ్లాక్షరాల కొలతతో బిగిస్తే ఒత్తులు తెగుతాయి కనుక దానినీ సడలించాలి.

7. బూడిదరంగు వెనుక

పనిచేయని పెట్టెను బూడిదరంగులో చూపడం పాత అలవాటు. వెబ్ పుటలో దీనికి `disabled` అనే లక్షణాన్ని వాడతారు. ఈ లక్షణం ఉన్న పెట్టె మీదికి కీబోర్డులోని Tab మీటతో వెళ్ళడం కుదరదు. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో, ఆ మీటతోనే పుటలో ముందుకు సాగే చూపులేని అధ్యాపకుడు ఆ వరుసను దాటిపోతాడు. తాళం వేసి చూపామని రూపకర్త అనుకుంటాడు. ఆ అధ్యాపకుడికి మాత్రం అది దాచినట్లే. చూపు ఉన్నవారికి కూడా కొంత ఇబ్బందే. వెబ్ అందుబాటు మార్గదర్శకాలు మామూలు అక్షరాలకు, వెనుకరంగుకు మధ్య 4.5:1 నిష్పత్తిలో తేడా ఉండాలని కోరుతూ, పనిచేయని పెట్టెలను ఆ నిబంధన నుండి మినహాయించాయి. అంటే మసకగా ఉండడం నియమోల్లంఘన కాదు. కాని అధ్యాపకురాలికి ఆ రాత్రి చదవవలసి వచ్చినది సరిగా ఆ మసక భాగమే.

కారణాన్ని మౌసు పైన నిలిపితే కనబడే చిన్న గడిలో పెట్టడం మరొక అలవాటు. ఫోనులో మౌసు లేదు. కాబట్టి తాళం వేసిన వరుసలో విలువను మామూలు అక్షరాలుగా రాసి, కారణాన్ని దాని కిందనే రాయడం మేలు. పెట్టెనే ఉంచవలసి వస్తే `disabled` బదులు `aria-disabled="true"` వాడవచ్చు. అప్పుడు Tab మీట అక్కడ ఆగుతుంది, పనిచేయదన్న సంగతి వినబడుతుంది. `aria-describedby` ద్వారా కారణం ఉన్న వాక్యాన్ని కూడా జోడించవచ్చు. అయితే ఈ లక్షణం మాట మాత్రమే చెబుతుంది, పెట్టెను ఆపదు. మార్పు జరగకుండా వేరుగా చూసుకోవాలి.

8. తెర తెరిచిన క్షణం, భద్రపరచిన క్షణం

తెర చూపేది అది తెరుచుకున్న క్షణంలోని అధికారాన్ని. అధ్యాపకురాలు పుట తెరిచి ఉంచగా నిర్వాహకుడు ఆమె సమన్వయ పాత్రను తొలగిస్తే, ఆమె ముందు పెట్టె అలాగే ఉంటుంది. ఆమె Hide ఎంచుకొని భద్రపరుస్తుంది. సర్వరు మళ్ళీ తనిఖీ చేయాలి, చేస్తుంది కూడా. తెర మీద తాళం ఎవరినీ ఆపదు, సర్వరే ఆపాలి. సమస్య దాని తరువాతిది. ఆమె అదే పుటలో కోర్సు పరిచయాన్ని కూడా సవరించి ఉంటే, అనుమతి ఉన్న మార్పును ఉంచుకొని, లేనిదానిని వదిలేసి, ‘మార్పులు భద్రపరచబడ్డాయి’ అనడం అన్నిటికంటే చెడ్డ సమాధానం. ఆమె కోర్సు దాగిందన్న నమ్మకంతో నిద్రపోతుంది. ‘కోర్సు పరిచయం భద్రమైంది. కోర్సు ఇంకా విద్యార్థులకు కనబడుతోంది’ అని రెంటినీ విడివిడిగా చెప్పాలి. లేదా దేనినీ భద్రపరచకుండా కారణం చెప్పి ఆపాలి.

9. తెర సరిగా ఉన్నదని తెలిసేదెలా?

ఈ లోపాలు తయారీలోనే ఎందుకు బయటపడవన్నదానికి సమాధానం సులభం. తెరను తయారు చేసేవారు, పరీక్షించేవారు సాధారణంగా సైటు నిర్వాహకులుగా ప్రవేశిస్తారు. మూడిల్‌లో సైటు నిర్వాహకునికి సామర్థ్యాల తనిఖీ మామూలుగా అవును అనే చెబుతుంది. అంటే ఆ వ్యక్తి తాళం వేసిన వరుసను చూడనే చూడడు. Switch role to అనే సౌకర్యంతో విద్యార్థి పాత్రలోకి మారి చూడవచ్చు. అది ఒక పాత్రను మాత్రమే చూపుతుంది. రెండు పాత్రలు కలిసినప్పుడు, వాటిలో ఒకటి తొలగినప్పుడు ఏమవుతుందో దానితో తెలియదు. పరీక్ష కోసం వేరే ఖాతాలు తెరవాలి. అధ్యాపక పాత్ర మాత్రమే ఉన్నది ఒకటి, దానికి సమన్వయ పాత్ర చేర్చినది ఒకటి, చేర్చి తీసివేసినది మరొకటి. మూడవ ఖాతానే ఎక్కువ లోపాలను పట్టిస్తుంది.

ఆ తరువాత పుటను నిజమైన అధ్యాపకుల ముందు పెట్టి, ఏదీ నొక్కకముందే అడగాలి. ఇందులో మీరు దేనిని మార్చగలరు? ఫలానాది ఎందుకు మార్చలేరు? మార్చవలసి వస్తే ఏమి చేస్తారు? నొక్కి చూసి చెప్పిన సమాధానం తెర గుణాన్ని చెప్పదు. ‘సైటు పనిచేయడం లేదనుకుంటాను’ అన్న సమాధానం ఒక్కరి నుండి వచ్చినా ఆ వరుసను తిరిగి రాయవలసిందే.

రూపకల్పనతో తీరనిది ఒకటి మిగులుతుంది. `who_can` అన్న చోట శాఖ సమన్వయకర్త అని తెర రాయగలదు. ఆ రాత్రి ఆ పాత్రలో ఎవరూ లేకపోవచ్చు. పాతవారిని తొలగించి కొత్తవారిని ఇంకా చేర్చకపోవచ్చు. అందుచేత పాత్ర పేరును ముద్రించే ముందు ఆ పాత్రలో ఈ విభాగానికి ఒక్కరైనా ఉన్నారా అని వ్యవస్థ లెక్కించాలి. ఎవరూ లేకుంటే ఆ పేరు వదిలి తరువాతి అంచెలో ఉన్న నిర్వాహకుని పేరు చూపాలి. అధ్యాపకురాలి కళాశాలలో సరిగా అదే జరిగింది అనుకుంటే, ఆమెకు కనబడే పంక్తి ‘శాఖ సమన్వయకర్త స్థానం ప్రస్తుతం ఖాళీ. విశ్వవిద్యాలయ నిర్వాహకుడు దాచగలరు’ అని మారుతుంది. దాని కింద ఫైలును తానే దాచుకునే దారి మునుపటిలాగే ఉంటుంది.